నూట ఇరవై కల్దార్ల కుట్టు మిషను

పాదిరి దొరల మిషన్ బడిల ఐదో తరగతి దాక చదివిన. కూడికలు, తీసివేతలు గడగడ చేస్తుంటి. అందుకే మా ఇంట్ల పైసల లెక్క నా చేతికే ఇచ్చిండ్రు. అత్తమ్మకు వేళ్ల మీద ఇరవై దాటితే తల తిరుగుతది. మా ఆయనకు రైల్వే వర్క్‌షాపుల ఇనుప పట్టీల కొలతలు అంగుళం తప్పకుండ వస్తయి గాని, జీతం ఎన్ని దినాలకు అయిపోతదో చెప్పుమంటే నవ్వుతడు.

మేముండేది చిలకలగూడల. పోలీసు యాక్షన్ అయి నాలుగు నెలలు కూడ కాలే అప్పటికి. మెట్టుగూడ రైల్వే బంగ్లాలల్ల ఒక దొరసాని ఉండె. ఆమె పిల్లల బట్టలకు కుచ్చులు, గుండీలు చేత్తోటి కుట్టి ఇస్తుంటి. ఒకనాడు ఆమె, ఈ ఎండకాలం గాక పై ఎండకాలం రాంగనే మేము ఓడెక్కి ఇంగ్లండు సీమకు పోతున్నం, మంచాలు కుర్చీలు అన్నీ అమ్మేస్తున్నం అని చెప్పింది. నా కండ్లు కిటికీ కాడ ఉన్న కుట్టు మిషను మీదికి పోయినయి. చేత్తోటి తిప్పేది. నల్లగ నిగనిగ మెరుస్తది. ఎంతకిస్తరు మేమ్‌సాబ్ అంటే, నూట ఇరవై కల్దార్ అన్నది. నీకైతే అట్టిపెడ్త, సామాను కట్టే దినం దాక ఎవరికి ఇయ్య, కాని పైస తగ్గియ్య అని సుత అన్నది.

ఇంటికొచ్చి, అన్నం సుత తినకుండ, బలపం పట్టిన. చిలకలగూడల రైల్వేవాళ్ల పరపతి సొసైటీ ఉండె. అందుల నెల నెలా ఒక్కటే మొత్తం కట్టాలె. నూటికి నెలకు అర్ధరూపాయి మిత్తి. మొదలు పెట్టేటప్పుడు ఎనిమిది అంటే, ఆఖరు దాక ఎనిమిదే. పెంచనియ్యరు, తగ్గియ్యనియ్యరు. నా చేతికుట్టు పైసలు ఐదు, మా ఆయన ఇచ్చేది మూడు, మొత్తం ఎనిమిది. ఎనిమిది పదిహేన్లు నూట ఇరవై. పదిహేను నెలలు.

మా ఆయన గోడకు ఆనుకొని కూసోని, మిత్తితోటి ఒక నెల తగ్గదా అని అడిగిండు. అది కూడ చేసి చూసిన. ఎనిమిది రూపాయలకు నెల మిత్తి అణాల సుత సగం కంటే జెరంత ఎక్కువ. మొదటి నెల కట్టింది అన్ని నెలలు మిత్తి తెస్తది, రెండోది ఒక నెల తక్కువ, ఆఖరుది ఏం తేదు. గట్ల పద్నాలుగు నెలలకు కూడితే నూట పదిహేను దాటుతది గాని నూట ఇరవై కాదు. పదిహేనో నెల కట్టంగనే నూట ఇరవై నాలుగు. అంటే నెల తగ్గదు గాని, నాలుగు రూపాయలు మీద మిగులుతయి. జనవరిల మొదలుపెడితే పై ఏడు మార్చిల తీరుతది, దొరసాని పోయేది ఏప్రిల్ల, ఒక నెల చేతిలనే ఉంటది. ఆ నాలుగు రూపాయలతోటి దారం ఉండలు, సూదులు, మిషను నూనె కొంటనని అత్తమ్మకు చెప్పిన. అత్తమ్మ, మిషను రాక ముందే నూనె పోస్తున్నవా అన్నది.

నెల మొదటి తారీఖు వచ్చిందంటే సొసైటీ కిటికీ కాడ నేనే ముందుండేదాన్ని. ముసలి మున్షీ సాబ్ నన్ను చూసి, వచ్చిందా మా మిషనమ్మ అనేటోడు. పద్నాలుగో నెల కట్టిన దినం నా ఖుషీకి పట్టపగ్గాలు లేవు. ఇంక ఒక్క నెలే కద, మీద మిగిలేటి పైసలు ఎట్లాగు వస్తయి కద అని, ముందుగాలనే దారం కొందామని జనరల్ బజారుకు పోయిన.

తెల్లదారం ఉండ తీసుకొని ఆరణాలు ఇచ్చిన. దుకాణపాయన పైసలు చూసి, ఇంకో అణా ఇయ్యమ్మా అన్నడు.

"ఆరణాలే అన్నవు గద సేఠ్?"

"కల్దార్ల ఆరణాలు. నువ్విచ్చింది హాలీ. హాలీల ఏడణాలు."

నాకు తెల్వని ముచ్చటేం కాదది. మాకు జీతాలు, కూరగాయలు, సొసైటీ, అన్నీ నిజాం సర్కారు హాలీ సిక్కాలనే. కంటోన్మెంటు దుకాణాలల్ల, దొరల ఇండ్లల్ల ఇంగ్రేజోళ్ల కల్దారు. ఆరు కల్దార్లు కావాలంటే ఏడు హాలీలు పెట్టాలె. పుట్టిననాటి సంది రెండు తీర్ల రూపాయల నడుమనే పెరిగినం. కాని ఆ దినం దారం ఉండ చేతిల పట్టుకొని నిలబడ్డ. దొరసాని కల్దార్ అనే చెప్పింది. ఆ మాట నా చెవుల పడ్డది గాని లెక్కల పడలే.

నూట ఇరవైల ఇరవై ఆర్లు. ఆరుకొక్కటి చొప్పున ఇరవై ఎక్కువ. నూట నలభై హాలీ కావాలె. బజారు నడుమల ఏడుపొచ్చింది. ఏడుపుల సుత ఆ ఏడో అణా ఇచ్చి దారం ఉండ తెచ్చుకున్న, ఎందుకంటే రేటు మంచిదే.

మల్ల సొసైటీకే ఉరికిన. మున్షీ సాబ్ నా మొకం చూసి నవ్వు ఆపిండు. కాగితం మీద రాసిండు. మిత్తి లేకుండ అయితే పదిహేడు నెలలకు నూట ముప్పై ఆరే, పద్దెనిమిది నెలలు పడ్తది. మిత్తి కలిస్తే పదిహేడో నెల కట్టంగనే నూట నలభై ఒకటి దాటుతది. మిత్తితోటి ఒక నెల తగ్గింది బిడ్డా అన్నడు. మొదట్ల నేను చేసిన లెక్కల తగ్గని నెల, ఇప్పుడు తగ్గింది. తగ్గి ఏం లాభం. పదిహేడో నెల అంటే మే. దొరసాని ఏప్రిల్ల ఈస్టర్ అయిన బుధవారం బండెక్కుతది. ఏప్రిల్ల పదహారోది కడితే ఎంతైతది అని అడిగిన. నూట ముప్పై రెండు రూపాయల పన్నెండణాలు. ఏడు రూపాయల నాలుగణాలు తక్కువ. పోనీ ఈ రెండు నెలలు పన్నెండేసి కడ్తనంటే, ఎనిమిదంటే ఎనిమిదే, కాయిదా అట్లుంది అన్నడు.

ఇంటికాడ మా ఆయన అంతా విని, ఏం తిట్టలే. "పద్నాలుగు నెలల సంది ఇంటి మొత్తాన్ని ఎనిమిదో ఎక్కంతోటి నడిపించినవు. ఏడో ఎక్కం మర్చిపోయినవు" అన్నడు. నాకు కోపమొచ్చింది. తర్వాత నవ్వొచ్చింది.

మర్నాడు దొరసాని కాడికి పోయి ఉన్నదున్నట్టు చెప్పిన. ఒక నెల ఆగుతరా అంటే, ఓడ ఆగదు బేబీ అన్నది. బజారు దర్జీ ఒకడు అప్పటికే వచ్చి నూట ముప్పై కల్దార్లు ఇస్తనన్నడట. నీకు మాటిచ్చిన కాబట్టి సామాను కట్టే దినం దాక చూస్త, ఆ సాయంత్రం వాడికి ఇచ్చేస్త అన్నది. ఇంటికొచ్చే దారి పొడుగునా తక్కువైన ఏడు రూపాయల నాలుగణాలే లెక్కపెట్టిన.

ఆ నెలాఖరుకు ఈస్టర్ ముందటి శ్రమదినాలు, నలభై దినాల ఉపాసాలు, షురూ అయినయి. ఈస్టర్‌కు మా గుడిల పిల్లలందరికీ కొత్త బట్టలు కావాలె. ఇదివరకు చేతికుట్టు ఆలస్యమని గౌన్లకు నా కాడికి ఎవరొస్తుండిరి? అందుకని దొరసానినే అడిగిన, పొద్దుమూకే జాములల్ల మీ మిషను మీద నేర్చుకుంట కుట్టుకోనా అని. ఆమె పడి పడి నవ్వింది. "నా మిషన్ పైసలు నా మిషన్‌తోనే సంపాదిస్తవా?" అన్నది. ఒప్పుకోదేమో అనుకున్న. కుర్చీ జరిపి కూసోబెట్టింది.

గౌనుకు ఎనిమిదణాలు. పదిహేను గౌన్లు ఒప్పుకున్న, మొత్తం ఏడున్నర. మా గుడి పాదిరి అయ్యగారి భార్య మొదలుకొని అందరు తలా ఒకటి రెండు ఇచ్చిండ్రు. మొదటి గౌనుకు చేతులు తలకిందులు కుట్టి విప్పిన. నాలుగోదానికి చేయి దారికొచ్చింది. కాని మా గుడిల ఒక రివాజుంది, పండుగ బట్టలకు పైసలు పండుగనాడే, పిల్ల తొడుక్కొని గుడికొచ్చినంకనే. ముందే అడిగితే, ఏం మేము పారిపోతమా అంటరు. కొందరు మంచిగ ముందే ఇచ్చిండ్రు. మూడున్నర మాత్రం పండుగ మీదనే పడ్డది.

ఈస్టర్ పొద్దున గుడిల అయ్యగారు సమాధి రాయి దొర్లిన సంగతి చెప్తున్నడు. నేను గౌన్లు లెక్క పెడుతున్న. పచ్చది ముందు బెంచీల, గులాబీ పువ్వులది తబలా కాడ. దేవుడు క్షమించుగాక. ప్రార్థన అయిపోంగనే మెట్ల కాడ నిలబడ్డ. ఒకరెనక ఒకరు వచ్చి చేతుల పెట్టిండ్రు. మిగిలింది అల్వాల్ నుంచి గుడికొచ్చే అక్క. ముగ్గురు బిడ్డల గౌన్లు, రూపాయిన్నర. చూస్తే ఆమె పక్క తలుపుల నుంచి దిగి గేటు దిక్కు పోతున్నది. బండి దొరకదని తొందర.

కొంగు నడుముకు చెక్కి ఉరికిన. వెనక అత్తమ్మ, పండుగనాడు గుర్రమోలె ఏందే అని అంటనే ఉంది. గేటు కాడ అందుకున్న.

"నీ పైసలు యాడికి పోతయి చెల్లె," అన్నది ఆమె, చిన్నపిల్లను తిప్పి చూపెట్టుకుంట. "ముందు ఇది చూడు. హుక్కు ఊడింది. వీపంత కనబడ్తున్నది. గిట్ల కుట్టి పూర రేటు అడుగుతవా?"

నిజమే, ఊడింది. రవిక పక్కన ఎప్పుడు ఒక సూది గుచ్చి పెట్టుకుంట నేను. దారం లేదు. నా కొంగు అంచుల నుంచి ఒక పోగు లాగి, పిల్లను రెండు మోకాళ్ల నడుమ పట్టుకొని గేటు రాయి మీద కూసోని కుట్టిన. పిల్ల గిలి గిలి అని మెలికలు తిరుగుతున్నది, అవతల బండివాడు అరుస్తున్నడు. కుట్టి, పండ్లతోటి దారం తెంపి లేచిన. ఆ అక్క హుక్కును రెండుమార్లు గుంజి చూసింది. గుంజి, మూట విప్పి రూపాయిన్నర చేతుల పెట్టింది. "బక్రీదుకు మా పక్కింటోళ్లకు కావాలంట, పంపిస్త," అని బండెక్కింది.

ముందే సొసైటీల తీసి పెట్టుకున్న నూట ముప్పై రెండు రూపాయల పన్నెండణాలకు ఈ గౌన్ల ఏడున్నర కలిపితే నూట నలభై రూపాయల నాలుగణాలు. సోమవారం సరాఫు కాడ నూట నలభై ఇచ్చి నూట ఇరవై కల్దార్లు తీసుకున్న. మూడుమార్లు లెక్కపెట్టుకుంటే సరాఫు, ఏందమ్మా నా మొకం దొంగలెక్క ఉందా అన్నడు. కల్దారే కదా ఇది అని అడిగిన. ఆయనకు అర్థం గాలే.

మంగళవారం దొరసాని ఇంట్ల పెట్టెలు కట్టుడు. దర్జీ వరండాల కూసోని ఉండె, తాడు సుత తెచ్చుకున్నడు పాపం. నేను మూట విప్పి బల్ల మీద పోసిన. దొరసాని లెక్కపెట్టి, నూనె తక్కువ వెయ్యి అని మాత్రం చెప్పింది. దర్జీ లేచి, ఆ తాడు మాకే ఇచ్చిండు. దాంతోటే మా ఆయన సైకిల్ వెనక మిషను కట్టిండు. నేనొక దిక్కు పట్టుకొని నడుస్తుంటే మెట్టుగూడ నుంచి చిలకలగూడ దాక ఎదురొచ్చినోళ్లందరు ఎంతకు కొన్నరని అడుగుడే. మా ఆయన నూట ఇరవై అంటడు. నేను వెంటనే కల్దార్ అంట.

ఇంట్ల ఉన్న ఒక్క బల్ల దానికే పోయింది. ఆ రాత్రి ముగ్గురం కింద కూసోనే తిన్నం. అత్తమ్మ తినుకుంట తినుకుంట మిషను దిక్కు చూసి, రేపటికి నా రవిక కుడ్తవా, పైసలు మాత్రం పండుగకే ఇస్త అన్నది.