ప్రెస్సుకు రాసిన ఉత్తరం, మా ఆవిడకు పంపిన నకలు

బుధవారం, ఉదయం పదకొండు గంటలు. ఫిల్మ్‌నగర్, మా ఇంటి ముందు గది. హాజరైనవారు: నేను, మా ఆవిడ, కృష్ణానగర్ నుంచి లాప్‌టాప్‌తో వచ్చిన డీటీపీ ఆపరేటర్.

ఆ రోజు డైరీ పేజీ ఇలాగే మొదలైంది. చేతిరాత మాత్రం నాది కానట్టు వంకరగా ఉంది. అంత ఉత్సాహంగా ఉన్నాను. ముప్ఫై ఎనిమిదేళ్లు షూటింగుల్లో కంటిన్యుటీ రాశాను. ఏ షాట్లో ఎవరి చొక్కా గుండీ విప్పి ఉంది, గ్లాసులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, అదే నా పని. ఆ రోజుల జ్ఞాపకాలే ఈ పుస్తకం. ఆదివారం మా పాతవాళ్లందరూ కలుస్తున్నారు. అప్పటికి యాభై ప్రతులు చేతిలో ఉండాలంటే మర్నాడు తొమ్మిదికల్లా ప్రెస్సులో అచ్చు ప్లేట్లు తయారు కావాలి. తర్వాత మిషన్లు నెలంతా పెళ్లి శుభలేఖలకు పోతాయన్నాడు ప్రెస్సు యజమాని.

ఫైళ్లు పంపడానికి రెండు నిమిషాలు చాలు. వాటితో పాటు వెళ్లే ఉత్తరానికి నాకు గంట పట్టింది.

"అయ్యా, పాత పేజ్‌మేకర్ ఫైళ్లను పీడీఎఫ్‌లుగా మార్చి పంపుతున్నాం. లోపలి పేజీలు ఒక ఫైలు, కవరు మరొకటి. కవరు ఫొటోను కోత గీతకు నాలుగు వైపులా మూడు మిల్లీమీటర్లు బయటికి పెంచాం. కత్తిరించేటప్పుడు బ్లేడు వెంట్రుకవాసి జరిగినా తెల్లగీత కనబడకూడదని. కుడి అంచున నిలబడ్డ లైట్‌మన్ మోచెయ్యి కోత గీతకు చాలా దగ్గరగా ఉంది. దయచేసి ఫొటోను మళ్లీ పెద్దది చేయవద్దు. ఫాంట్లన్నీ ఫైల్లోనే పొదిగి ఉన్నాయి, మీ కంప్యూటర్లో లేకపోయినా అక్షరాలు సరిగ్గా వస్తాయి."

"గింత పెద్ద ఉత్తరం ఎందుకు సార్, ఆయన సదువుతడా?" అంది ఆపరేటర్. ఇరవై ఏళ్లుగా సినిమా వాళ్ల ఆహ్వానాలు టైపు చేస్తున్న మనిషి.

"చదవకపోతే రేపు మోచెయ్యి పోతుందమ్మా."

పన్నెండు గంటల పది నిమిషాలకు మెయిల్లో పంపాం. సెట్లో ప్రతి కాగితానికీ కార్బన్ నకలు తీయడం నాకు అలవాటు. ఆ అలవాటు కొద్దీ మా ఆవిడకూ ఫైళ్లతో సహా ఒక నకలు వెళ్లింది. ఆవిడ వంటగది లోంచి ఫోను పట్టుకుని వచ్చింది.

"ఏంటండీ ఇది, ముప్ఫై ఎనిమిదేళ్లు మీరు రాసింది ఇదేనా?"

చూశాను. మొదటి పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, ఎటు చూసినా బ్రాకెట్లు. ఒక్క తెలుగు అక్షరం లేదు.

"నా మెషిన్ల మంచిగనే ఉన్నది గదా సార్," అంది ఆపరేటర్. లాప్‌టాప్‌లో బాగానే ఉంది. నా కంప్యూటర్లోనూ బాగానే ఉంది. ఆపరేటర్ నుదురు పట్టుకుంది. "మీ దాంట్ల గా ఫాంటు నేనే ఏసిన సార్. మేడం ఫోన్ల లేదు."

అప్పుడు ఫైలు వివరాల్లో ఫాంట్ల జాబితా తెరిచింది. కవరు ఫైల్లో ప్రతి పేరు పక్కనా పొదిగినట్టు గుర్తుంది. లోపలి పేజీల ఫైల్లో అక్షరాల ఫాంటు పక్కన ఏమీ లేదు. పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు ఆ సెట్టింగు ఆఫ్‌లో ఉండిపోయింది. ప్రెస్సు కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే ప్లేటు మీదికీ డాలరు గుర్తులే ఎక్కుతాయి.

తప్పు ఆపరేటర్‌ది కాదు. "ఫాంట్లన్నీ ఉన్నాయి" అని రాసింది నేను. జాబితా చూడకుండా రాశాను. సెట్లో ఎవరైనా గుండీ చూడకుండా రాస్తే నేనే తిట్టేవాణ్ని.

"ఇప్పుడు మిమ్మల్ని ఎవరు తిట్టాలి?" అంది మా ఆవిడ.

"నువ్వు ఆల్రెడీ మొదలుపెట్టావు."

ఆపరేటర్ సెట్టింగు మార్చి ఫైలు మళ్లీ తీసింది. ఈసారి ముందు మా ఆవిడ ఫోనుకు పంపాం. ముగ్గురం ఆ చిన్న తెర మీదికి వంగాం. అక్షరాలు వచ్చాయి. ఒత్తులు, గుడులు, అన్నీ ఉన్నాయి. మా ఆవిడ మొదటి వాక్యం పైకి చదివింది. నా పుస్తకం మరొకరి గొంతులో వినడం నాకు అదే మొదలు.

రెండో ఉత్తరం చిన్నది. "లోపలి పేజీల మొదటి ఫైలు చెరిపేయండి. దానిలో ఫాంట్లు లేవు. నేను సరిచూడకుండా రాశాను. ఇప్పుడు పంపినదానిలో ఉన్నాయి. జాబితా స్వయంగా చూశాను."

మర్నాడు ఎనిమిదింటికే స్నానం చేసి ఫోను ముందు కూర్చున్నాను. తొమ్మిదింబావుకు ప్రెస్సు యజమాని ఫోన్ చేశాడు.

"సార్, పాతది తీసేసినం, కొత్తదే ప్లేట్ల మీదికెక్కింది. మీ లెటర్ మా ఆపరేటర్‌తోని రెండుసార్లు సదివిపిచ్చిన. ఫికర్ చేయకుండ్రి."

"మోచెయ్యి?"

"ఏ మోచెయ్యి సార్? ఆఁ, గా లైట్‌మన్‌దా. జర ఆగుండ్రి."

రెండు నిమిషాలకు కత్తిరించిన నమూనా కవరు ఫొటో వచ్చింది. పెద్దది చేసి చూశాను. మోచెయ్యి పూర్తిగా ఉంది. చొక్కా మడత కూడా.