పరగడుపు పరుగు

అద్దాలాయన ఎవరినైనా నమ్మాడంటే కళ్లు మూసుకుని నమ్ముతాడు. అదే ఆయన రోగం. పదిహేడేళ్లుగా పెద్ద పెద్ద భవనాలకు తాడు మీద వేలాడుతూ అద్దాలు తుడుస్తున్నాడు. పైన ముడి వేసినవాణ్ణి నమ్మకపోతే ఆ పని ఒక్కరోజు కూడా సాగదు.

మొన్నామధ్య కంపెనీవాళ్లు తాడుకు తగిలించుకునే కొత్త బెల్టులు తెచ్చారు. మనిషి బరువు నూరు కిలోలు దాటితే బెల్టు ఇవ్వరు, కింద బకెట్లు నింపాల్సిందే. ఆయన నూట నాలుగు. గడువు ఆరు వారాలు. పదిహేడేళ్లు ఆకాశంలో బతికినవాడికి బకెట్ల పని అంటే తల తీసేసినట్టే.

పెళ్లాం తమ్ముడు జిమ్ నడుపుతాడు. బావ కష్టం చెప్పుకోగానే భుజం తట్టాడు.

"పొద్దున్నే అయిదింటికి నా బ్యాచ్‌లో చేరిపో బావా. పరగడుపున పరిగెత్తితే ఒంట్లో కొవ్వే నేరుగా కాలుతుంది. ఆ తర్వాత ఏం తిన్నా పర్లేదు."

ఇంకేముంది, నలభై రెండు రోజులు ఒక్క పూట మానలేదు. మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా, జిమ్ ముందు రోడ్డు మీద బ్యాచ్‌తో ముప్పావుగంట పరిగెత్తేవాడు. బావమరిది ఆయన ఫొటో తీసి, 'పరగడుపు బ్యాచ్' అని రాసి గోడకు తగిలించాడు. ఎనిమిదయ్యేసరికి కడుపులో ఎలుకలు పరిగెత్తేవి. పని దగ్గర క్యాంటీన్‌లో వెన్న రాసిన బన్నులు నాలుగు, చక్కెర దట్టంగా వేసిన టీలు రెండు. ఎలాగూ కాలిపోతుంది కదా అని మధ్యాహ్నం అన్నం కూడా రెండోసారి వడ్డించుకునేవాడు.

గడువు రోజున కంపెనీ నర్సు తూచింది. నూట నాలుగున్నర. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట, అట్లా అయింది ఆయన పని. సూపర్‌వైజరు ఆయనకివ్వాల్సిన బెల్టు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

"మిషన్ తప్పేమో చూడండి సిస్టర్. రోజూ పరగడుపునే పరిగెత్తాను," అన్నాడాయన.

నర్సు ఆయన తిండి సంగతంతా అడిగి రాసుకుంది.

"ఖాళీ కడుపుతో పరిగెత్తితే ఆ కాసేపు కొవ్వు కొంచెం ఎక్కువే కాలుతుందండీ, అది అబద్ధం కాదు. కానీ తర్వాత రోజంతా ఒళ్లు ఆ మేరకు కొవ్వు తక్కువ వాడుకుంటుంది. ఇరవైనాలుగు గంటలూ కలిపి చూస్తే తిని పరిగెత్తినా తినక పరిగెత్తినా ఇంచుమించు ఒకటే. రోజు మొత్తంలో తిన్నదెంత, ఖర్చయిందెంత, తేల్చేది అదే. మీ పరుగుకి ఏ నాలుగైదు వందల క్యాలరీలో పోయుంటాయి. ఆ బన్నులూ టీలే అంతకి రెట్టింపు."

"అంటే ఆకలి చంపుకుని పరిగెత్తిందంతా దండగేనా?"

"గుండెకి మంచిదే. తిండి కాస్త తగ్గించి ఉంటే ఈపాటికి నూరులోపు ఉండేవారేమో."

ఆయన తిన్నగా జిమ్‌కు వెళ్లాడు. మధ్యాహ్నం కావడంతో ఎవరూ లేరు. నర్సు మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పాడు. బావమరిది తువ్వాలు మడతపెడుతూ అన్నాడు.

"తెలుసు బావా. ట్రైనర్ కోర్సులోనే చెప్పారు."

"తెలిసే చెప్పావా నాకు?"

"తిండి తగ్గించుకోండి అంటే జనం రారు బావా. పరగడుపు అంటే వస్తారు. నువ్వు రోజూ వస్తుంటే బ్యాచ్‌కి నమ్మకం కుదిరింది."

"నా పని పోతుందని కూడా తెలుసు కదరా నీకు."

బావమరిది ఇంకో తువ్వాలు అందుకున్నాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. పరాయివాడైతే పోనీలే అనుకునేవాడు. తన పెళ్లినాటికి వీడు పదేళ్ల పిల్లాడు, ఆయనే చెయ్యి పట్టుకుని సైకిల్ నేర్పాడు. దుఃఖం కన్నా ముందు సిగ్గు వేసింది ఆయనకు.

మర్నాడు కడుపునిండా తిని అయిదింటికి మళ్లీ జిమ్‌కు వెళ్లాడు. అరవడానికి కాదు. తనలాగే నమ్మినవాళ్లు పన్నెండుమంది ఉన్నారక్కడ, వాళ్లకు చెప్పాలి. పరుగు మొదలెట్టకముందే అడ్డంగా నిలబడి, నర్సు చెప్పినదీ, పోయిన తన బెల్టూ అన్నీ చెప్పాడు.

ఆయన పక్కనే రోజూ పరిగెత్తే టీచరమ్మ ట్రైనరు వైపు తిరిగింది.

"నిజమేనా మాస్టారూ?"

అద్దాలాయన కూడా అటే చూశాడు. ఒక్క మాట చాలు, నిజమే అంటే చాలు, అన్నీ మరిచిపోయేవాడు. అంత పిచ్చివాడు.

బావమరిది నవ్వాడు.

"మా బావ బంగారమండీ. కాకపోతే నోరు కట్టుకోవడం రాదు. ఆయన బన్నులు తింటే నా పద్ధతి ఏం చేస్తుంది?"

అందరూ నవ్వేశారు. టీచరమ్మ కూడా నవ్వి పరుగందుకుంది. వాళ్లకు దారి ఇవ్వడానికి అద్దాలాయనే పక్కకు జరిగాడు.