మోగని ఆఫీసు ఫోన్

ఆక్సిజన్ సిలిండర్లు ఇళ్లకూ క్లినిక్కులకూ పంపే గోదాములో ఏ బండి ఎప్పుడు ఎక్కడికి పోవాలో చూసే బాధ్యతంతా, అందరూ డిస్పాచ్ అక్క అని పిలిచే ఆమెదే. పెళ్లికి ముందు చేరింది, ఇప్పుడు కొడుకు కాలేజీలో ఉన్నాడు. భర్తకు బదిలీ అయింది కాబట్టి రాజీనామా ఇచ్చేసింది. నోటీసు కాలం ముగిసేలోగా పనంతా కొత్త కుర్రాడికి అప్పగించాలి.

ఆ కుర్రాడు మామూలు పిండం కాదు! నోరు తెరిస్తే "ఎందుకు?" అంటాడు. ఈ ఇంటికి ముందెందుకు, ఈ డ్రైవరుకి ఆ వీధెందుకు? అక్క నెత్తి కొట్టుకునేది. "నువ్వు ప్రశ్నలు మానేసి చూడు నాయనా!" కానీ జవాబు చెబుతుంటే తనకే వింతగా ఉండేది. ఇన్నేళ్లూ ఇవన్నీ తెలిసే చేసిందా? ఆ జవాబులన్నీ కూడా కాగితం మీద రాయించాడు మేనేజరు.

పని అప్పగించడానికి మేనేజరు వేసిన ప్రణాళిక సాఫీగానే నడిచింది. మొదట ఆమె చేస్తే కుర్రాడు చూశాడు. తర్వాత కుర్రాడు చేస్తే ఆమె చూసింది. ఆగలేక మధ్యలో చెయ్యి పెట్టేది, మేనేజరు కేకలేసేవాడు. చివరగా ఒక రోజు పరీక్ష: ఆమె వెనక గదిలో తన ఫోన్ ఆపేసి కూర్చోవాలి. లేనట్టే లెక్క.

మధ్యాహ్నానికి బళ్లన్నీ వెళ్లాయి. ఒక్క పొరపాటూ లేదు. మేనేజరు చేతులు దులుపుకున్నాడు. కుర్రాడు మాత్రం వెనక గదిలోకి తొంగి చూశాడు.

"అక్కా, వడ్రంగి గారింటికి రోజు విడిచి రోజు సిలిండర్ పోతుంది కదా. ఇవాళ అడగలేదు. ఎందుకు?"

అక్క గబుక్కున తన ఫోన్ ఆన్ చేసింది. మిస్డ్ కాల్ మెసేజీలు వరసగా వచ్చాయి. అన్నీ వడ్రంగి నుంచే. ఆయన భార్యకు ఇంట్లోనే ఆక్సిజన్ పెడుతున్నారు. ఇన్నేళ్లుగా ఆయన, మరి కొందరూ ఆఫీసుకి కాదు, ఆమె సొంత నంబరుకే చేస్తున్నారు! ఆ మాట చెప్పాలని ఆమెకి తోచనే లేదు.

"ఛీ, నా బుర్ర తగలెయ్య!" అంటూ వెంటనే ఆయనకి ఫోన్ చేసింది. అత్యవసరానికి ఉంచుకున్న చిన్న సిలిండర్ మీద నెట్టుకొస్తున్నారట. కుర్రాడే బండెక్కి నిండు సిలిండర్ దింపి వచ్చాడు.

మర్నాడు అక్క సొంత ఫోన్లోని ఖాతాదారుల పేర్లన్నీ ఆఫీసుకి ఎక్కించారు. అక్క ఒక్కొక్కరికీ ఆఫీసు ఫోన్ నుంచే చేసి, స్పీకరు పెట్టి, కుర్రాడి గొంతు కూడా వినిపించింది. అతను సెలవు పెడితే ఎవరు ఎత్తుతారో ఆ పేరూ చెప్పింది. వడ్రంగి వంతు వచ్చింది.

"బాబాయ్, ఇకనుంచి సిలిండర్ కావాలంటే ఈ నంబరుకే చెయ్యండి. నాకు చేస్తే అందదు."

"అలాగేనమ్మా. పిల్లాడు మంచోడే. మరి మీ పిన్ని రాత్రి నిద్రపోయిందా, ఇంత అన్నం తిందా అని ఫోన్ చేసినప్పుడల్లా అడిగేదానివి కదా, అదెవరడుగుతారు?"

కుర్రాడు అక్క వంక చూశాడు. ఈసారి ఎందుకని అడగలేదు.

అక్క స్పీకరుకి దగ్గరగా వంగింది. "అది నేనే అడుగుతాను బాబాయ్. దానికి నా నంబరుకే చెయ్యండి."