దంచుడు ఆపించగలరు

మా కోడలు దవాఖానాలో నర్సు. రాత్రి డ్యూటీ ఉన్న వారాల్లో పొద్దున ఇంటికొచ్చి, ఇంత తిని పడుకుంటుంది. సరిగ్గా కన్ను మూతపడే వేళకు పై ఫ్లాట్‌లో రోకలి లేస్తుంది. పై వదినది కారప్పొడి వ్యాపారం. మర కారం కంటే రోటి కారానికే గిరాకీ. రెండు మూడుసార్లు నోటిమాటగా చెప్పి చూశాం. కొన్నాళ్లు తగ్గేది, మళ్లీ మొదలు. కోడలు డ్యూటీలో నిలబడే కునికి, పెద్ద నర్సుతో మాట పడి వచ్చింది.

"ఇగ అసోసియేషన్‌కు మెయిల్ పెట్టుడే అత్తమ్మా," అని ఫోన్ అందుకుంది.

నాకు చదువు అంతంతమాత్రం. చదివి వినిపించమన్నాను.

"పై ఫ్లాటోళ్లకు బుద్ధి లేదు. వెంటనే ఆపకపోతే పోలీసులకు ఫిర్యాదు చేస్తాం."

"ఇది మెయిలా, కోడిపందెమా? రేపు కరివేపాకుకు ఎవలింటికి పోతవ్?"

రెండోది మా అబ్బాయి రాశాడు. అందరూ క్షేమమని తలుస్తున్నాం, మీ సేవలు అమోఘం, చిన్న ఇబ్బంది, వీలైతే చూడగలరు.

"పెండ్లిపత్రిక లెక్కుంది. మనకేం కావాల్నో ఏడ రాసినవ్ రా?"

మూడోది మళ్లీ కోడలే రాసింది. "సెక్రటరీ గారికి నమస్కారం. మా పై ఫ్లాట్‌లో రోజూ పగలు దంచుడు ఎక్కువైంది. దయచేసి దంచుడు ఆపించగలరు."

మా వైపు రోట్లో మిరపకాయలను దంచుతారు, కోపం వస్తే మనిషినీ దంచుతారు.

"ఓ పిల్లా, ఇది చదివితే పై అన్నయ్య వదినను కొడుతున్నడనుకుంటరు. ఆయన ఆమె ముందు గట్టిగ తుమ్మడు కూడా."

కోడలు నవ్వి నవ్వి కూలబడింది. ఆ నవ్వుతో కోపం కొంత దిగింది, రాత కుదిరింది. రోట్లో కారం దంచే చప్పుడు అని రాసింది. తనది రాత్రి డ్యూటీ అని, ముందే నోటితో చెప్పామని, వదిన వ్యాపారం ఆగాలని మాకు లేదని రాసింది. పదకొండు నుంచి నాలుగు దాకా పైన దంచొద్దు, లేదా రోలును కింద పార్కింగు పక్కన పెట్టించండి, ఆదివారం మీటింగులో తేల్చి జవాబివ్వండి అని ముగించింది.

పంపే ముందు నేను పైకి వెళ్లాను. "మెయిల్ పెడుతున్నం వదినా. నీకు తెల్వకుండ పెడితే బాగుండదు."

వదిన మొహం ముడుచుకుంది. "పెట్టుకోండ్రి. మరి రోలు కిందికి ఎవరు మోస్తరు, నువ్వా?"

"అది అసోసియేషనోళ్లనే చూడమన్నం."

"అవ్, అట్లయితే పెట్టుండ్రి."

మీటింగులో ఒప్పుకున్నారు, రోలు కిందికి దిగింది. ఇప్పుడు స్కూటర్ తీయడానికి వెళ్లిన ప్రతివాళ్లూ తుమ్ముకుంటూ బయటికొస్తున్నారు. దాని మీద ఎవరు మెయిల్ రాస్తారో వాళ్లు రాసుకుంటారు. మా కోడలు పడుకుంది.