నేను కొట్టని గంట

మా జిల్లా ఇంకా ముక్కలు కాని రోజులవి. మహబూబ్‌నగర్ దవాఖానలో నర్సులకు శిక్షణ ఇచ్చే పని నాది. పుట్టగానే ఏడవని బిడ్డకు సంచితో ఊపిరి ఎలా అందించాలో ఆ రోజు నేర్పాలి. వచ్చింది ఇరవై మంది. ఉన్న రబ్బరు బొమ్మ ఒక్కటే, గాలి నొక్కే సంచి ఒక్కటే.

నాలుగు బల్లలు వేయించి ఐదుగురిని ఒక జట్టు చేశాను. అరగంటకోసారి నేను గంట కొడితే ప్రతి జట్టూ పక్క బల్లకు జరగాలి. మొదటి బల్ల మీద బొమ్మ, రెండోదాని మీద రికార్డులు, మూడో దగ్గర చేతులు కడగడం, నాలుగో దగ్గర బిడ్డను తుడిచి వెచ్చగా చుట్టడం. అచ్చంపేట వైపు నుంచి వచ్చే ఐదుగురి బస్సు ఎప్పుడూ ఆలస్యమే కదా, రికార్డులైతే కాస్త పోయినా ఫికర్ లేదని ఆ జట్టును రెండో బల్ల దగ్గర మొదలుపెట్టించాను. అంటే బొమ్మ వాళ్లకు చిట్టచివర వస్తుంది. మహా తెలివిగల పని చేశాననుకున్నాను.

బొమ్మ దగ్గర మనిషికి ఆరు నిమిషాలు. మొదటి జట్టులో ఒకామె ఎంత నొక్కినా బొమ్మ ఛాతీ లేవలేదు. బొమ్మ మూతికి ఆనించిన సంచి మాస్క్ అంచు నుంచి గాలంతా పోతోంది. ఆమె మొహం చూసి వేళకు గంట కొట్టబుద్ధి కాలేదు. మిగతా బల్లల వాళ్లు పనైపోయి ముచ్చట్లలో పడ్డారు. తర్వాతి రెండు జట్లకూ ఇదే తంతు. అచ్చంపేట జట్టు బొమ్మ దగ్గరికి వచ్చేసరికి వాళ్ల బస్సుకు పావుగంట ఉంది.

నలుగురు తలా రెండు నిమిషాలు నొక్కి తమ చేతిసంచులు సర్దుకున్నారు. ఉద్యోగంలో కొత్తగా చేరిన ఐదో అమ్మాయి మాత్రం కదల్లేదు.

“మేడం, నేనింక ముట్టనే లేదు.”

“చూసినవ్ గద చెల్లె, అంతే. బస్సు పోతది, నడువు.”

ఇరవై పేర్లకూ టిక్కులు పెట్టి సంతకం చేశాను.

కొన్ని నెలలకు ఆ అమ్మాయి నా గదికి వచ్చింది. ఆమె చేతుల్లో ఒక బిడ్డ ఏడవలేదట. మాస్క్ ఎంతకీ కుదరలేదట. డ్యూటీ దిగి వెళ్లిపోతున్న పెద్ద నర్సు గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి సంచి లాక్కుందట.

“బిడ్డ బతికింది గద,” అన్నాను. సిగ్గులేని మాట, అయినా నోటికి అదే వచ్చింది.

“బతికింది మేడం. మీరు టిక్కు పెట్టిండ్రని నన్ను కాన్పుల గదిల ఏసిండ్రు.”

రిజిస్టరు తీసి, ఆమె ముందే ఆ టిక్కు మీద అడ్డంగా గీత గీశాను. బీరువాలోంచి బొమ్మను దించి బల్ల మీద పెట్టాను.

“బస్సుకు టైమెంత ఉంది?”

“పోనీయుండ్రి,” అని సంచి అందుకుంది. గాలి మాస్క్ పక్కనుంచే పోయింది. ఆమె మళ్లీ మొదలుపెట్టింది.