జోయా ప్రోఖరొవ్నా క్షమాపణ

వ్యాట్కా నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో జోయా ప్రోఖరొవ్నా నోటికి భయపడనివాళ్ళు ఇద్దరే. ఒకరు ఆమె పిల్లి, రెండోది ఆమె టెలిఫోను. తేనెపెట్టెలు చేసే వడ్రంగి కార్ఖానాలో ఖాతాదారులతో మాట్లాడే ఉద్యోగం ఆమెది. పద్నాలుగేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ, కిటికీ కింద అదే రంపపు పొట్టు గుట్ట. వయసు యాభై నాలుగు. మర్యాదగా అబద్ధమాడటం చేతకాదనీ, మర్యాద లేకుండా నిజం చెప్పడం మాత్రం బాగా వచ్చనీ కార్ఖానాలో అందరూ అంటారు. ఆమె కాదనదు.

ఏప్రిల్ ఇరవై ఒకటో తేదీన జరిగింది ఈ సంగతి.

బష్కిరియాలో తేనెటీగలు పెంచే ఫానిల్ గైనుల్లోవిచ్ జనవరిలోనే అరవై పెట్టెలకు ఆర్డరిచ్చి, సగం సొమ్ము ముందే కట్టాడు. ఏప్రిల్ ఇరవై ఐదుకల్లా అవి అతని గేటు దగ్గర దిగాలి. వాటికోసం ఆరబెట్టిన పైన్ పలకలు మార్చి నెలాఖరుకే సిద్ధంగా ఉన్నాయి. యజమాని గ్లేబ్ అర్సేన్యెవిచ్ వాటిని తీసి మాస్కోలో ఎవరో పెద్దమనిషి తోట గదికి బల్లలు చేయించి పంపేశాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు. కొత్త పలకలింకా పచ్చిగానే ఉన్నాయి. పచ్చి పలకతో పెట్టె చేస్తే వేసవిలో చీలికలు పడతాయి, ఆ సందుల్లోంచి చలి దూరుతుంది, చీమలు దూరుతాయి. దేమిద్ తాత అనే ముసలి మేస్త్రీ అందుకే పచ్చి పలక ముట్టనని చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

అంటే ఆలస్యం తప్పదు. ఆ ఆలస్యానికి క్షమాపణ ఉత్తరం రాయాల్సింది జోయా.

గ్లేబ్ నలభై దాటినవాడు, చెడ్డవాడని చెప్పలేం. నష్టం వస్తుందంటే ముఖం పాలిపోతుంది, తప్పు ఒప్పుకోవాలంటే ఇంకా పాలిపోతుంది. ఆమె బల్ల దగ్గరకి వచ్చి, టీ కప్పు పక్కకి జరిపి, తానే రాసి తెచ్చిన కాగితం పెట్టాడు. “వసంతకాలంలో రోడ్లు మెత్తబడినందున భారీ వాహనాల రాకపోకలు ఆపివేయబడ్డాయి. మా చేతిలో లేని కారణాల వల్ల సరుకు పంపడం ఆలస్యమైనది. సరుకు మే ఐదున అందుతుంది.”

జోయా చదివింది. రెండోసారి చదవలేదు, అవసరం లేదు.

“గ్లేబ్ అర్సేన్యెవిచ్, రోడ్లు మెత్తబడతాయని రోడ్ల శాఖవాళ్ళు మార్చిలోనే కాగితం అంటించారు కదా. ఏటేటా అంటిస్తారు. అనుమతి తీసుకుంటే లారీ పోతుంది కూడా. ఫానిల్ ఏమన్నా చిన్నపిల్లాడా? అతని దారి కూడా అదే కదా.”

“వకీలు చెప్పాడండీ. తప్పు మాదే అని కాగితం మీద రాస్తే రేపు కోర్టులో మన మీదకే వస్తుంది.”

“కోర్టుకెళ్ళే మనిషైతే ఈ అబద్ధం చూసే వెళతాడు, నిజం చూసి కాదు.”

“జోయా ప్రోఖరొవ్నా, మీరు రాస్తారా, నేర్పుతారా?”

“రెండూ చేస్తా. మే ఐదు ఎక్కణ్ణుంచి వచ్చింది? పలకలు రేపు ఆరబెట్టే గదిలోకెళితే నెలాఖరుకి గాని బయటికి రావు. ఆ తర్వాత మే సెలవులు. దేమిద్ తాత బంగాళదుంపలు నాటడానికి పోతాడు, మొత్తం ఊరే పోతుంది. అరవై పెట్టెలు ఎవరు చేస్తారు, మీరా?”

గ్లేబ్ నీళ్ళు నమిలాడు. “ముందు ఐదు అని రాద్దాం. తర్వాత ఇంకో ఉత్తరం రాద్దాం. అందరూ అలాగే చేస్తారు.”

ఆ మాటతో జోయాకి పాత కాగితమొకటి కళ్ళ ముందు మెదిలింది. ఆమె పాతికేళ్ళ వయసులో తపాలా కార్యాలయంలో పనిచేసేది. తొంభైల్లో ఒక ఏడాది ఏడు నెలలు జీతం రాలేదు. ప్రతి నెలా గోడమీద ఒకే కాగితం: “మా చేతిలో లేని కారణాల వల్ల.” ప్రతి నెలా దాని కింద ఒక కొత్త తేదీ. ఆ తేదీని నమ్మి ఆమె తల్లి ఒక నెల ఆవుని అమ్మకుండా ఆగింది, తర్వాత నెల సగం ధరకు అమ్మింది. అప్పట్నుంచీ ఆ వాక్యం చూస్తే జోయాకి ఒళ్ళు మండుతుంది. అబద్ధపు తేదీ వల్ల ఎవరికీ ఏమీ కాదనేవాడు ఆవును అమ్మి చూడాలి.

ఇక్కడ సంగతి ఆవు కాదు, తేనెటీగలు. ఫానిల్ కిందటి వారమే ఫోన్‌లో చెప్పాడు: దక్షిణాన్నుంచి ఎనభై ఈగల పొట్లాలు తెప్పిస్తున్నాననీ, పెట్టెలు దిగిన మర్నాడే అవి వచ్చేలా బండి మాట్లాడుతున్నాననీ. పొట్లాలంటే చిన్న పెట్టెల్లో రాణితో సహా ఒక్కో గుంపు. వాటిని అందులో ఎక్కువ రోజులు ఉంచకూడదు. పాత పెట్టెలు అతని దగ్గర ఇరవైకి మించి లేవు. ఐదు అని రాస్తే ఈగల బండి ఆరున వస్తుంది. అరవై గుంపులకి ఇల్లుండదు.

“ఈగలకి ఇంకో ఉత్తరం రాస్తారా?” అంది జోయా.

గ్లేబ్ కాగితం ఆమె వైపు ఇంకొంచెం జరిపాడు. “రాయండి. నేను సంతకం పెడతా. పక్క గదిలో నెల్లీ ముద్ర వేస్తుంది.”

రష్యాలో ఆఫీసు ఉత్తరానికి ఒక అలవాటుంది. పైన సంస్థ పేరు, బయటికి పంపిన సంఖ్య, తేదీ. కింద యజమాని సంతకం, గుండ్రటి ముద్ర. వీటన్నిటికీ కింద, ఎడమ మూల, చీమ తలకాయంత అక్షరాల్లో, ఉత్తరం తయారుచేసిన మనిషి పేరూ ఫోన్ నంబరూ. సంతకం యజమానిది గానీ, తిట్లు తినేది ఆ చిన్న అక్షరాల మనిషి. కోపమొచ్చిన ఖాతాదారు ఎవడూ సంతకానికి ఫోన్ చేయడు.

జోయా కంప్యూటర్ ముందుకి తిరిగింది. యజమాని చెప్పింది చెప్పినట్టు ఒక్క అక్షరం మార్చకుండా కొట్టింది. గ్లేబ్ ముఖంలో వెలుగొచ్చింది. ఆమె అడుగున చిన్న అక్షరాల్లో రాసింది: “తయారుచేసినది: గ్లేబ్ అర్సేన్యెవిచ్.” పక్కన అతని సొంత మొబైల్ నంబరు.

“ఇదేంటి?”

“మీ మాటలు, మీ పేరు. ఆరో తేదీన బండెడు ఈగలతో ఆ మనిషి ఫోన్ చేస్తాడు. నేను ఆ వేళకి బంగాళదుంపలు నాటుతూ ఉంటా.”

“మీ పని మీరు చేయాలి కదండీ!”

“చేస్తున్నా.” ఇంకో కాగితం తీసి ఈసారి తన మాటలు కొట్టింది. కీబోర్డు టపటపా మోగింది. పక్క గదిలో లెక్కలు చూసే నెల్లీ చెవులు రిక్కించి, క్యాలిక్యులేటర్ ఆపేసింది.

“గౌరవనీయులైన ఫానిల్ గైనుల్లోవిచ్!

మీ అరవై పెట్టెలు ఏప్రిల్ 25కి అందవు. తప్పు మాదే. మీ కోసం ఉంచిన పలకలను మేము వేరే ఆర్డరుకు వాడేశాం. ఇందుకు మన్నించమని కోరుతున్నాం.

కొత్త తేదీ: మే 14, మీ గేటు దగ్గర. పలకలు ఆరే కాలమూ సెలవులూ లెక్కలోకి తీసుకునే ఈ తేదీ ఇస్తున్నాం. ఈగల బండిని దీన్ని బట్టి మాట్లాడుకోగలరు.

ఒప్పందం ప్రకారం ఆలస్యమైన ప్రతి రోజుకూ సరుకు ధరలో వెయ్యో వంతు పరిహారం. మీరు అడగనవసరం లేదు, చివరి బిల్లులో మేమే తగ్గిస్తాం. రవాణా ఖర్చు మాది. ప్రతి పెట్టెతోనూ తేనెపట్టు కట్టే చట్రాలు ఒక జత అదనంగా, ఉచితంగా పంపుతాం.”

అడుగున చిన్న అక్షరాల్లో: “తయారుచేసినది: వెదేర్నికొవా జోయా ప్రోఖరొవ్నా”, ఫోన్ నంబరు.

రెండూ ప్రింటు తీసి బల్లమీద పక్కపక్కన పెట్టింది. మూడో కాగితం కూడా పెట్టింది. అది ఆమె రాజీనామా, స్వహస్తాలతో రాసినది, తేదీ మాత్రం ఖాళీ.

“ఇదీ ముందే రాసుంచారా?”

“మూడేళ్ళైంది. తేదీ ఒక్కటే వేయలేదు.” టీ ఒక గుక్క తాగింది. “తేదీ వేసి ఇచ్చాక కూడా ఇంకో రెండు వారాలు పని చేయాలని చట్టం. ఆ రెండు వారాలూ ఈ ఫోన్ నేనే ఎత్తుతా గ్లేబ్ అర్సేన్యెవిచ్. ఎవడడిగినా ఉన్నదే చెబుతా. ఏ కాగితం కావాలో చూసుకోండి.”

“చట్రాలు కూడానా? ఎవరబ్బ సొమ్మని!”

“మాస్కో తోట గది సొమ్మని.”

గోడ అవతల నెల్లీ నవ్వు ఆపుకోలేక దగ్గింది. గ్లేబ్ తన పేరున్న కాగితం చూశాడు. తన మొబైల్ నంబరు చూశాడు. ఆ చిన్న అక్షరాల దగ్గరే అతని చూపు చాలాసేపు ఆగింది. పద్నాలుగేళ్ళలో ఎప్పుడూ చదవని మూల అది. చివరికి కలం తీసి, జోయా ఉత్తరం మీద కాగితం చిరిగేంత గట్టిగా సంతకం చేశాడు. “మిమ్మల్ని పెట్టుకోవడం నా ఖర్మ” అని గొణిగాడు.

“నాదీ అదే ఖర్మ” అంది జోయా.

ముద్ర పడింది, బయటికి పంపిన సంఖ్య పడింది, ఉత్తరం స్కానై వెళ్ళింది. గంటలోపే ఫానిల్ ఫోన్. మొదట తిట్టాడు. గట్టిగా, బష్కిర్‌లోనూ రష్యన్‌లోనూ కలిపి తిట్టాడు. జోయా ఫోన్ చెవికి దూరంగా పెట్టి విన్నది. తిట్టే హక్కు అతనికుందని ఆమె అభిప్రాయం.

ఊపిరి తీసుకున్నాక అడిగాడు: “పద్నాలుగు ఖాయమేనా, జోయా ప్రోఖరొవ్నా? ఈగల బండిని పదిహేనుకి మార్చేయనా?”

“మార్చండి.”

“మీ యజమాని మళ్ళీ ఎవరికైనా ఇచ్చేస్తే?”

ఇవ్వడని జోయా అబద్ధం చెప్పలేదు. “చూసుకుంటాను” అంది. ఫోన్ పెట్టేసి, ఉత్తరం నకలొకటి తీసుకుని, గోరుముద్దంత జిగురుతో ఆరబెట్టే గది తలుపుకి అంటించింది. పలకలు ఆ మర్నాడే లోపలికి వెళ్ళాయి.

నెలాఖరున పలకలు బయటికొచ్చాయి, పొడిగా, తట్టితే గంటలా మోగేలా. సెలవుల ముందు రోజు గ్లేబ్ ఇద్దరు కూలీలతో అక్కడికి వచ్చాడు. మాస్కో పెద్దమనిషికి ఇంకో రెండు బల్లలు కావాలట.

“దేమిద్ తాతా, ఒక ఇరవై పలకలు తీయించు. ఈగలకి ఏం తొందర, పది రోజుల తర్వాత చేసుకోవచ్చు.”

దేమిద్ తాత లేవలేదు. గడ్డంతో తలుపు చూపించాడు. “నేనేం అననయ్యా. అది చదువు.”

జోయా అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. ఆప్రాను మీద పొట్టు, చేతిలో సగం తిన్న దోసకాయ. గ్లేబ్ పై నుంచి చదివాడు. తప్పు మాదే. మే పద్నాలుగు. తన సంతకం, గుండ్రటి ముద్ర.

“ఇంకా కిందికి చదవండి” అంది జోయా.

అతను వంగి చిన్న అక్షరాలు చదివాడు.

“పైన సంతకం మీది, కింద పేరు నాది. ఈ రెంటికీ పైన రాసిందంతా ఫానిల్‌ది. ఒక్క పలక కదిపితే ముందు ఈ తలుపు ఊడదీసి అతనికి పంపుతా, పలకలకి బదులు.”

కూలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గ్లేబ్ తలుపు వైపు చూశాడు, జోయా వైపు చూశాడు, దోసకాయ వైపు చూశాడు. కూలీల్ని తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడాది దేమిద్ తాత బంగాళదుంపలు ఆలస్యంగా నాటాడు. మే పన్నెండున లారీ ఎక్కిన అరవై పెట్టెల్లో చివరిదాని మీద చట్రాల కట్టకి జోయా తానే తాడు బిగించింది. డ్రైవరు కాగితాలడిగితే ఆరబెట్టే గది తలుపుకున్న ఉత్తరాన్ని జాగ్రత్తగా ఊడదీసి, మడిచి, అతని చేతికిచ్చింది.

“ఇది ఫానిల్ గైనుల్లోవిచ్‌కి ఇవ్వు. తేదీ సరిచూసుకోమని చెప్పు.”