బొమ్మలు లేని పేజీ

మా అక్క మందమర్రిలో కార్మికుల కాలనీలో ఉంటుంది. పిల్లలు పెద్దయ్యాక ఓపెన్ స్కూల్లో పది కట్టింది. అన్నీ పాసై సైన్సు ఒక్కటే మిగిలింది. "గీసారి గాకుంటె ఇడ్సిపెడ్త చెల్లె" అని ముందే చెప్పేసింది.

నేను ఆసిఫాబాద్‌లో జీవశాస్త్రం చెబుతాను. బడి వదిలేసరికి గొంతు పోతుంది, కాళ్లు పీకుతాయి. అయినా శ్వాసక్రియ పాఠం ఫొటోలు పంపితే మైండ్ మ్యాప్ బొమ్మ గీసిస్తానని మాటిచ్చాను. ఆమె పక్కింటివాళ్ల పుస్తకం అడిగి తెచ్చి, ఫొటోలు తీసి పంపింది.

సాయంత్రం స్టాఫ్‌రూంలోనే కూర్చున్నాను. తెల్లకాగితం మధ్యలో 'శ్వాసక్రియ' అని రాసి గుండ్రం చుట్టాను. అందులోంచి ఒక పెద్ద కొమ్మ తీసి 'వాయు మార్గం' అన్నాను. దాని కింద ముక్కు, వాయునాళం, ఊపిరితిత్తులు, చివర వాయుగోణులు. అంతవరకు బాగానే సాగింది. తర్వాతి ఫొటోలో ఈస్టు ప్రయోగం ఉంది. చక్కెర నీళ్లు, బుడగలు, ఆల్కహాలు. దీన్ని దేని కింద వేలాడదీయాలి? వాయుగోణుల కింద పెడదామంటే ఈస్టుకు ఊపిరితిత్తులెక్కడివి! పేజీ నంబర్లు చూస్తే మధ్యలో ఒకటి లేదు. కణాల్లో జరిగే శ్వాసక్రియ, అది ఆక్సిజన్‌తో ఒకటి, ఆక్సిజన్ లేకుండా ఒకటి అని రెండు రకాలు, ఆ పేజీలోనే ఉండాలి. ఈస్టు ఆ రెండో దాని కిందికి వస్తుంది. నాకు తెలిసిందే రాసేయొచ్చు. కానీ ఆమె పరీక్ష రాసేది ఆ పుస్తకంలోని మాటలతో.

ఫోన్ చేసి, మధ్య పేజీ ఏమైందని అడిగాను.

"బొమ్మ గీస్త అంటివి గదా? గా పేజీల ఒక్క బొమ్మ సుత లేకపాయె. అందుకే తియ్యలే" అంది.

"బొమ్మల పుస్తకం అనుకున్నవా అక్కా? జర సోయి ఉండాలె!"



"నీకు పరేషాన్ ఎందుకు చెల్లె, ఇడ్సిపెట్టు" అని ఫోన్ పెట్టేసింది.

తప్పు నాదేం కాదు. అయినా ఆమె మాట నన్ను వదల్లేదు. వదిలేయమన్నది ఈ బొమ్మనా, తన చదువునా? మ్యాప్‌లో రెండో కొమ్మ గీసి, పేరు రాయకుండా ఖాళీగా ఉంచి, కాగితం సంచీలో పెట్టుకుని ఇంటికి పోయాను. అన్నం సయించలేదు.

మరునాడు బడిగంట కొట్టే వేళకు ఫోన్ టింగుటింగుమని మోగుతూనే ఉంది. మొదట నిన్నటి పేజీ వచ్చింది. దాని వెనుక, నేను అడగకుండానే, తర్వాతి రక్తప్రసరణ పాఠం మొత్తం. బొమ్మలున్నవీ లేనివీ, ప్రశ్నల పేజీ, ఆఖరికి అట్ట కూడా.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఒంట్లో అలసట అట్లాగే ఉంది. మొదటి పీరియడు పిల్లలను కాసేపు చదువుకోమని, నిన్నటి కాగితం తీసి, ఖాళీ కొమ్మకు పేరు రాశాను.